బండి అమ్మేశాను, యాక్సిడెంట్ నోటీసు నాకొచ్చింది

విశాఖలో ఉంటాను. మార్చిలో నా స్కూటర్ గాజువాకలో ఒకతనికి అమ్మాను. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టిచ్చాను, 'నేనే మార్పించుకుంటానన్నా' అన్నాడు, నమ్మాను. ఆర్టీఏకి 14 రోజుల్లో నేనే తెలపాలని అప్పుడు తెలీదు. ఆర్సీ, ఇన్సూరెన్స్ రెండూ ఇంకా నా పేరు మీదే ఉన్నాయి.

జూన్‌లో మద్దిలపాలెం దగ్గర అతను ఒక పెద్దాయన్ని గుద్దాడు, కాలు విరిగింది. ఇప్పుడు ట్రిబ్యునల్ నోటీసులో యజమానిగా నా పేరు, అతని పేరు, ఇన్సూరెన్స్ కంపెనీ పేరు ఉన్నాయి.

అమ్మినా ఆర్సీలో పేరున్నవాడే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో చెప్పిందట. అయితే థర్డ్ పార్టీ పాలసీ ప్రమాదం రోజుకి అమల్లోనే ఉంది కాబట్టి పరిహారం కంపెనీయే కట్టాలి కదా?

నా టెన్షన్ వేరే. అతనికి లైసెన్స్ లేదని ఇప్పుడు తెలిసింది. కంపెనీ ముందు బాధితుడికి కట్టి, తర్వాత ఆ డబ్బు నా దగ్గర వసూలు చేసుకోమని తీర్పు వస్తే? ఫోన్‌పేలో డబ్బులు పడిన రుజువు, తేదీ వేసిన డెలివరీ కాగితం ఉన్నాయి. వాటితో భారం కొన్నవాడి మీదికి మళ్లించగలనా? ఇలాంటి కేసు ఎదుర్కొన్నవాళ్లు చెప్పండి.