“ధర రూ. 2,400, పన్నులు వర్తిస్తాయి” అంటే చివరికి ఎంత కట్టాలి?

సుజాత: మా ఆడపడుచు మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ప్రతి ఫొటో కింద పెట్టడానికి నాలుగు ముక్కలు రాసుకుని, తెలుగు సరిగ్గా ఉందేమో చూడమని నాకు పంపింది.

“ధర రూ. 2,400. పన్నులు వర్తిస్తాయి. ప్యాకింగ్, కొరియర్ చార్జీలు ఉంటాయి. స్థిర ధర. ధర విషయం మాట్లాడుకోవచ్చు.”

నాకైతే తప్పులు కనబడలేదు. కానీ ఫోన్ చేసినవాళ్ళంతా “మొత్తం ఎంతవుతుందండీ?” అనే అడుగుతున్నారట. ఎక్కడ తేడా కొడుతోంది?

రామారావు: “చార్జీలు” కాదమ్మా, “ఛార్జీలు” అని ఒత్తు పెట్టాలి. మిగతా అంతా వ్యాకరణం ప్రకారం సరిగ్గానే ఉంది.

వేణు: ఒత్తు సంగతి తర్వాత చూద్దాం మాస్టారూ. “షరతులు వర్తిస్తాయి” అని ప్రకటనల్లో చదివీ చదివీ మనం “పన్నులు వర్తిస్తాయి” అని కూడా రాసేస్తున్నాం. పన్ను ఎలాగూ ఉంటుంది. అది 2,400లోనే ఉందా, దాని మీద పడుతుందా అన్నదే కొనేవాళ్ళకి కావాలి. సుజాత గారూ, ముందు ఒకటి చెప్పండి. ఆమెకు జీఎస్టీ నంబరు ఉందా? లేకపోతే పన్ను వసూలు చేయకూడదు, కాబట్టి ఆ మాటే రాయకూడదు. చిన్న వ్యాపారులకుండే కాంపోజిషన్ స్కీము కింద ఉన్నా బిల్లులో విడిగా పన్ను వేయకూడదు.

సుజాత: కనుక్కున్నాను. మామూలు రిజిస్ట్రేషనే. చీరకు 5 శాతం వేస్తుంది.

ప్రసాద్: దీనికింత చర్చ ఎందుకండీ? ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిసే ఉండాలని రూలు ఉంది. కాబట్టి 2,400లో పన్ను 120, చీర ఖరీదు 2,280. ఏమీ రాయక్కర్లేదు.

వేణు: ప్రసాద్ గారూ, ఎమ్మార్పీ గురించి మీరన్నది నిజమే. సబ్బులు, బిస్కెట్ల లాంటి ప్యాకెట్ సరుకు మీద అచ్చేసిన ధరలో పన్నులన్నీ ఉంటాయి, దానిపైన మళ్ళీ జీఎస్టీ అడగకూడదు. కానీ ఈవిడ ఫొటో కింద రాసుకున్నది ఎమ్మార్పీ కాదు, తను చెప్పే రేటు. అక్కడ రాస్తేనే తెలుస్తుంది. మీ లెక్క కూడా కాస్త సరిచేయాలి. కలిపి చెప్పిన ధరలోంచి పన్ను తీయాలంటే 2,400కి 5 శాతం కట్టకూడదు, 2,400ని 1.05తో భాగించాలి. చీర 2,285.71, పన్ను 114.29 వస్తాయి.

సుజాత గారూ, పెట్టెకీ కొరియర్‌కీ ఆమె ఎంత తీసుకుంటుంది?

సుజాత: పెట్టెకు 80, కొరియర్‌కు 120. పన్ను 2,400 మీద అదనంగా వేస్తుంది.

వేణు: అసలు చిక్కు అక్కడే ఉంది. చదివేవాళ్ళు 2,400కి పన్ను 120, పైన 200, మొత్తం 2,720 అనుకుంటారు. బిల్లు 2,730 వస్తుంది. అమ్మేవాళ్ళే అదే బిల్లులో ప్యాకింగ్, కొరియర్ డబ్బులు తీసుకుంటే అవి కూడా చీర విలువలో భాగమే, వాటికీ చీర రేటే పడుతుంది. అంటే 5 శాతం 2,400 మీద కాదు, 2,600 మీద. తేడా పది రూపాయలే, కానీ “ముందే చెప్పొచ్చుగా” అన్న మాట ఆ పది రూపాయల దగ్గరే వస్తుంది. “పన్ను అదనం” అని రాసేవాళ్ళు దేని మీద అదనమో కూడా రాయాలి. లేదా అన్నీ కలిపి ఒకే అంకె చెప్పేయాలి. నా ఓటు రెండోదానికే.

లక్ష్మి (డాలస్): ఇక్కడ షాపుల్లో రాసే ధరలో సేల్స్ టాక్స్ ఉండదు, కౌంటర్ దగ్గర కలుస్తుంది. ఆ అలవాటు కొద్దీ నేను 2,400 చూడగానే పన్ను వేరే అనుకున్నాను. అదే ఫొటో విజయవాడలో మా అమ్మకి పంపితే “అంతా కలిపే కదే” అంది. ఇంతకీ అమెరికాకి పంపుతారా?

సుజాత: ప్రస్తుతానికి పంపట్లేదండీ.

శ్రీనివాస్ (వరంగల్): మాది ఫర్నిచర్. కొరియర్ గాదు, లారీ పార్సెల్. మేం “ట్రాన్స్‌పోర్ట్ టు పే” అని రాస్తం. పార్సెల్ ఆఫీసుల అందరికీ తెలిసిన మాటే, సరుకు అందుకున్నోళ్ళు కిరాయి కట్టాలె అని. ఒకాయన దాన్ని “పే చేసేసినం” అనుకున్నడు. పైనుంచి హమాలీ డబ్బులు కూడా అడిగేసరికి మంచం ఆఫీసులనే వదిలేసి పోయిండు. ఇప్పుడు “లారీ కిరాయి, హమాలీ మీరే అక్కడ కట్టాలె” అని రాస్తున్న.

భారతి: శ్రీనివాస్ గారు రాసినట్టు ఎవరు కట్టాలి, ఎక్కడ కట్టాలి అన్నవి రెండూ ఉంటే ఇక అడిగే పనే ఉండదు. “చార్జీలు ఉంటాయి” అన్నదాంట్లో ఆ రెండూ లేవు. నేను పుస్తకాల షాపులో పనిచేశాను. “వెల రూ. 150, పోస్టేజి అదనం” అని రాసేవాళ్ళం. అక్కడ అది చెల్లింది, ఎందుకంటే పార్సెల్ బరువు చూశాక గాని పోస్టేజి తేలదు. ఇక్కడ కొరియర్ 120 అని ముందే తెలిసినప్పుడు “అదనం” అని దాచడం ఎందుకు?

ఇంకోటి. “స్థిర ధర” అని చెప్పి పక్కనే “మాట్లాడుకోవచ్చు” అంటే ఏది నమ్మాలి?

సుజాత: అదీ అడిగాను. ఒక్క చీరకు తగ్గించదట. మూడు తీసుకుంటే తగ్గిస్తుందట. ఆ రెండూ ఒకేచోట రాసింది.

భారతి: అయితే అదే రాయమనండి. “స్థిర ధర” నాకు ఎటూ నచ్చదు. వచ్చే నెలా ఇదే ధర ఉంటుందని కూడా అనుకోవచ్చు. “ఒకే ధర” ఇంకా ఇబ్బంది, అన్ని చీరలూ ఒకటే రేటేమో అనుకుంటారు. “బేరం లేదు” అంటే అందరికీ అర్థమవుతుంది.

ప్రసాద్: మరీ మొహం మీద తలుపేసినట్టుంది. “ఫిక్స్‌డ్ రేట్” అంటే పోలా, తెలియనివాళ్ళెవరు?

రామారావు: “ధర తగ్గదు” అనండి. మర్యాదా పోదు, ఇంగ్లీషూ అక్కర్లేదు.

వేణు: బేరం ఉందని చెప్పేటప్పుడు కూడా ఏ అంకె మీదో చెప్పాలి. కొన్నవాళ్ళు 2,300కి ఒప్పించామనుకుంటారు, అమ్మినవాళ్ళు “చీరకండీ, కొరియర్ వేరే” అంటారు. నా దగ్గరికి బిల్లులతో వచ్చే తగాదాల్లో ఇదే ఎక్కువ. “చీర ధరలో మాత్రమే తగ్గింపు” అని ఒక ముక్క ఉంటే చాలు.

సుజాత: అందరివీ కలిపి ఇలా రాశాను, చూడండి.

“ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్కడికైనా ఒక చీర ఇంటికి చేరడానికి మొత్తం రూ. 2,730. జీఎస్టీ, పెట్టె, కొరియర్ అన్నీ ఇందులోనే ఉన్నాయి. వేరే రాష్ట్రాలకు కొరియర్ ఎంతవుతుందో మీరు డబ్బు కట్టకముందే చెబుతాం. ఒక చీరకు ధర తగ్గదు. మూడు లేదా అంతకన్నా ఎక్కువ తీసుకుంటే చీర ధరలో తగ్గిస్తాం.”

భారతి: బాగుంది. కానీ ఫొటో కింద మొదట కనబడేది 2,400 కాకుండా 2,730 అయితే పక్క షాపు 2,400 అన్నవాళ్ళ వైపు పోతారేమో అని ఆమె అనదూ?

సుజాత: అనేసింది కూడా. “చీర 2,400, ఇంటికి చేరేసరికి 2,730” అని రెండు అంకెలూ పెడతానంటోంది.

వేణు: పెట్టుకోవచ్చు. రెండోది మొదటిదాని పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ప్రసాద్: అంతా బాగానే ఉంది గానీ రెండు చీరలు తీసుకుంటే 5,460 కట్టాలా? పార్సెల్ ఒకటే కదా వెళ్ళేది.

సుజాత: అది రాయలేదు. పెట్టె ఒకటా రెండా అన్నది ఆమెనే అడగాలి.