అప్‌డేట్: కుర్తీల షాపు, కన్వర్షన్ లెక్క

నా ప్రశ్న: "రోజుకు 240 మంది వస్తున్నారు, బిల్లులు 36 మాత్రమే. కన్వర్షన్ 15 శాతమేనా?"

మీరు చెప్పినట్టే మూడు రోజులు గుమ్మం దగ్గర కూర్చుని లెక్కపెట్టానండీ. గుమ్మం దగ్గర మనుషుల్ని లెక్కపెట్టే కౌంటర్ చూపిన 240లో 60 మా స్టాఫ్ రాకపోకలే. మిగతా 180 మందీ సగటున ఇద్దరేసి కలిసి వచ్చినవాళ్లు, అంటే 90 బృందాలు. బృందానికి ఒక్క బిల్లే కాబట్టి 90కి 36, అంటే అసలు కన్వర్షన్ 40 శాతం!

కొనకుండా వెళ్లేవాళ్లను కారణం అడిగి రాసుకున్నాం. ఎక్కువమంది చెప్పింది డబుల్ ఎక్స్‌ఎల్ లేదనే. ఆ సైజు తెప్పించాక బిల్లులు 45 అయ్యాయి. సగటు బిల్లు 1,500 నుంచి 1,400కి తగ్గేసరికి కంగారుపడ్డాను. చూస్తే, కొత్తగా కొన్నవాళ్లు ఒక్కో కుర్తీయే తీసుకున్నారు. రోజు అమ్మకం మాత్రం 54,000 నుంచి 63,000కి పెరిగింది. ఇప్పుడు ట్రయల్ రూమ్ పక్కనే లెగ్గింగ్స్ పెడుతున్నాం.