210 వ్యూస్‌కి 68 శాతం, 190 వ్యూస్‌కి 60 శాతం: నమస్కారం తీసేయమంటారా?

సంగటిముద్ద (తిరుపతి):
మాది చిన్న వంటల ఛానెల్. రాగి సంగటి వీడియోలో నేరుగా ఎసరు మరుగుతుండగా మొదలుపెట్టా. 210 వ్యూస్ వచ్చాయి, 30వ సెకను దగ్గర 68 శాతం మిగిలారు. నాటుకోడి పులుసులో మొదట 12 సెకన్లు నమస్కారం, కుశల ప్రశ్నలు పెట్టా. 190 వ్యూస్, 60 శాతం. ఎనిమిది శాతం పడిపోయింది కదా, ఇక నమస్కారం ఎత్తేద్దామని ఉంది. థంబ్‌నెయిల్ పసుపు బాగుంటుందా ఎరుపా? సాయంత్రం ఏ టైంకి అప్‌లోడ్ చెయ్యాలి?

రెండులక్షలబావ:
తీసేయ్, ఆలోచించకు. నాకు 2 లక్షల సబ్‌స్క్రైబర్లు. గంటలో 150 వ్యూస్ పడితే చాలు, వీడియో లేస్తుందో పడుకుంటుందో చెప్పేస్తా.

కలంకాళహస్తి:
తమ్ముడూ, ఆ పని నేను చేసి ఏడ్చాను. శ్రీకాళహస్తి కలంకారీ మీద కరక్కాయ నీళ్ళలో బట్ట నానబెట్టే వీడియో పెట్టా. 260 వ్యూస్‌కి యావరేజ్ 31 శాతం చూపించింది. సిగ్గేసి ప్రైవేట్ చేసేశా. మరుసటి వారం 170 వ్యూస్‌కి 55 శాతం వచ్చిన వీడియో చూసి ఎగిరి గంతేసి, అదే పద్ధతిలో ఐదు చేశా. ఐదూ ముప్పైల్లోనే ఆగిపోయాయి. ఆ 170లో మా చెల్లెలి కాలేజీ గ్రూపు ఎంతుందో తర్వాత తెలిసింది.

గుజ్జుఫ్యాక్టరీ (చిత్తూరు):
శాతాలు పక్కనపెట్టి తలకాయలు లెక్కపెట్టు తమ్ముడూ. 210లో 68 శాతమంటే 143. 190లో 60 శాతమంటే 114. పులుసుకీ 68 రావాలంటే ఇంకో 15 మంది ఆగి ఉంటే సరిపోయేది. నువ్వు 12 సెకన్ల నమస్కారం మీద నేరం మోపుతున్నది ఆ 15 మంది కోసం.

అదే వీడియోని వేరే 200 మందికి చూపిస్తే ఏ మార్పూ చెయ్యకుండానే ఆరేడు పాయింట్లు అటూ ఇటూ కదులుతుంది. రెండు వీడియోల మధ్య తేడా తీస్తే రెండు ఊగులాటలూ కలుస్తాయి కాబట్టి అది తొమ్మిది పాయింట్ల దాకా పోతుంది. నీ తేడా ఎనిమిది. ఉండొచ్చు, లేకపోవచ్చు.

పుత్తూరుపిల్లోడు:
అన్నా, మానిటైజేషన్‌కి వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, 4,000 గంటలు కావాలి కదా. ఈ శాతాలు ఎంతుండాలి?

రెండులక్షలబావ:
లెక్కల మాస్టారు వచ్చాడు. పోయిన నెల నా వీడియో 150 వ్యూస్‌కే 30వ సెకనులో 30 శాతం చూపించింది. మామూలుగా నాకు 60 ఉంటుంది. వెంటనే చూస్తే మైక్ పని చెయ్యలేదు, మాటే లేదు. వెయ్యి వ్యూస్ దాకా కూర్చోమంటావా?

గుజ్జుఫ్యాక్టరీ:
ఇందులో నీది కరెక్టే. 150లో 90 మంది ఉండాల్సిన చోట 45 మంది ఉంటే అది అదృష్టం ఆట కాదు, ఏదో తగలబడింది. పెద్ద దెబ్బ చిన్న గుంపులోనూ కనబడుతుంది. ఒక్కో వైపు 200 వ్యూస్ ఉంటే సుమారు 14 పాయింట్ల తేడాని నమ్మకంగా పట్టుకోవచ్చు. 8 పాయింట్లు పట్టాలంటే ఒక్కో వైపు 600 కావాలి. 4 అయితే 2,400. తేడా సగమైతే వ్యూస్ నాలుగింతలు కావాలన్నమాట. మైక్ చచ్చిపోవడాన్నీ నమస్కారాన్నీ ఒకే గాటన కట్టకు.

రెండులక్షలబావ:
ఫ్యాక్టరీలో కూర్చున్నోడు యూట్యూబ్ గురించి నాకు చెప్తాడు. సరే.

గుజ్జుఫ్యాక్టరీ:
అవును, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసేవాణ్ణి. అక్కడ నేర్చుకున్నదే చెప్తున్నా. తోతాపురి ట్రాక్టరు వస్తే పైన మంచి కాయలు పేర్చి ఉంటాయి. పైనుంచి పది కాయలు తీసినా, రెండొందలు తీసినా పైకాయల సంగతే తెలుస్తుంది, అడుగున మగ్గిపోయినవి తెలియవు. వీడియోకి మొదట వచ్చే వందలూ అంతే, పైకాయలు. నిన్ను ఎరిగినవాళ్ళు. హోమ్ పేజీలో ముక్కూమొహం తెలియనివాళ్ళకి పడ్డాక శాతం దిగుతుంది. వీడియో చెడిపోయి కాదు, చూసేవాళ్ళు మారి.

సంగటిముద్దా, రెండు వీడియోల్లోనూ సబ్‌స్క్రైబర్లని, కానివాళ్ళని విడదీసి చూసి చెప్పు. ఫ్యామిలీ గ్రూపులో లింక్ వేశావా?

రేణిగుంటరైడర్:
అదంతా సరే. సంగటి వీడియో చూశా, 4:10 దగ్గర గ్రాఫ్ లేచి ఉంటుంది, పందెం. బియ్యం వేశావక్కడ! సంగటికి నూకలు వెయ్యాలయ్యా. జనం వెనక్కి తిప్పి చూసుంటారు, నిజంగానే బియ్యం వేశాడా అని.

సంగటిముద్ద:
నిజంగానే లేచిందన్నా, 38 నుంచి 42కి! నచ్చి చూశారనుకున్నా. మా ఇంట్లో బియ్యమే వేస్తారు.

రేణిగుంటరైడర్:
బియ్యం వేస్తే అది రాగి అన్నం. కట్టెతో కెలికితే ఉండ కడుతుందా?

కలంకాళహస్తి:
మా అమ్మా బియ్యమే వేస్తుంది, రాత్రి నానబెట్టి. ఉండ బ్రహ్మాండంగా కడుతుంది. రేణిగుంటలో మీకే చేతకాదేమో.

రేణిగుంటరైడర్:
చేతకాకపోవడం ఏందక్కా, మా అవ్వ చేతి సంగటి ముద్ద గోడకేసి కొట్టినా పగలదు.

గుజ్జుఫ్యాక్టరీ:
అమ్మా, అయ్యా. 210లో నాలుగు పాయింట్లంటే ఎనిమిది సార్లు ఎక్కువ చూడటం. ఒక్కరే నాలుగు సార్లు వెనక్కి తిప్పినా అందులో సగం అయిపోతుంది. దాని మీద బియ్యమో నూకలో తేల్చకండి.

కలంకాళహస్తి:
కానీ కింద ఇద్దరు “ఎన్ని గ్లాసుల పిండి?” అని అడిగారు, చూశా. కొలత చెప్పలేదు కాబట్టే వెనక్కి తిప్పారు. ఆ రెండు కామెంట్లు శాతం కన్నా గట్టి సాక్ష్యం అంటాను.

రెండులక్షలబావ:
బంప్ వస్తే ఇంట్రస్ట్. అంతే.

సంగటిముద్ద:
విడదీసి చూశా. సంగటి: సబ్‌స్క్రైబర్లు 90, వాళ్ళలో 80 శాతం ఆగారు. మిగతా 120లో 59 శాతం. పులుసు: సబ్‌స్క్రైబర్లు 20 మందే, అక్కడా 80. మిగతా 170లో 58 శాతం. సంగటి లింక్ మా ఫ్యామిలీ గ్రూపులో వేశా. పులుసు పెట్టిన రోజు గ్రూపులో పొలం గట్టు గురించి పెదనాన్నకీ బాబాయికీ గొడవ జరుగుతోంది, వెయ్యడానికి ధైర్యం చాల్లేదు.

గుజ్జుఫ్యాక్టరీ:
చూశావా, నీ ఎనిమిది పాయింట్లు పొలం గట్టు మీద పోయాయి. తెలియనివాళ్ళలో 59కి 58. ఇరవై మందిలో 80 అంటే 16 మంది, దాన్ని అసలు చూడకు. అలాగని నమస్కారం వల్ల నష్టం లేదని రుజువైనట్టు కాదు. ఇంత తక్కువలో తెలియదు, అంతే.

తెలుసుకోవాలని ఉంటే వచ్చే ఎనిమిది వీడియోలకి రూపాయి బిళ్ళ ఎగరెయ్యి. బొమ్మ పడితే నమస్కారం, బొరుసు పడితే నేరుగా పొయ్యి. ఒకవైపు నాలుగు నిండితే మిగిలినవి రెండోవైపుకి. గ్రూపులో వేస్తే అన్నీ వెయ్యి, లేకపోతే ఏదీ వద్దు. ప్రతిదాన్నీ ఏడో రోజునే చూడు, సబ్‌స్క్రైబర్లు కానివాళ్ళనే. ఒక్కోదానికి 150 వచ్చినా వైపుకి 600 అవుతాయి. శాతాలని సగటు చెయ్యకు, ఆగినవాళ్ళ సంఖ్యలు కూడి మొత్తంతో భాగించు.

కలంకాళహస్తి:
నాటుకోడి అంటే ఆగేవాళ్ళు వేరు, సంగటంటే ఆగేవాళ్ళు వేరు కదన్నా. వంటకం వల్ల వచ్చే తేడా 600తో పోతుందా?

గుజ్జుఫ్యాక్టరీ:
పూర్తిగా పోదమ్మా. నాలుగు వంటకాలు కలిస్తే కొంత సర్దుకుంటుంది. నేను కొంత అనే అంటున్నా.

రెండులక్షలబావ:
ఎనిమిది వీడియోలు ఎవడు ఆగుతాడు? నమస్కారం తీస్తే పోయేదేముంది, ఖర్చా?

గుజ్జుఫ్యాక్టరీ:
ఖర్చు లేని మార్పయితే నీ ఇష్టం, తియ్యి. కొత్త కెమెరా కొనడమో, ఛానెల్ మొత్తం తిప్పెయ్యడమో 190 వ్యూస్ చూసి చెయ్యకు, అంతవరకే నా మాట.

పుత్తూరుపిల్లోడు:
అయితే శాతం ఎంతుండాలి అన్నా?

సంగటిముద్ద:
పొద్దున బిళ్ళ ఎగరేశా. బొమ్మ పడింది, నమస్కారం ఉంటుంది. గుత్తి వంకాయ. రేణిగుంట అన్నా, వచ్చే సంగటికి నూకలు వేస్తా, కొలత కూడా చెప్తా. థంబ్‌నెయిల్ రంగు ఎవరూ చెప్పలేదు.