పంపుసెట్ల మీటర్లపై విధాన పత్రం: ఎదుటి వాదనకు ఎంత చోటివ్వాలి?

సుజాత: ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ పంపుసెట్లకు మీటర్లు పెట్టాలని ప్రభుత్వానికి నాలుగు పేజీల విధాన పత్రం రాస్తున్నాను. రైతుల అభ్యంతరాలను వివరంగా రాస్తే నా వాదన పలచబడదా?

మధు: పలచబడుతుంది. అధికారులకు తీరిక ఉండదు కనుక సిఫారసు మొదటి పేరాలోనే ఉండాలి, అభ్యంతరాలకు చివర రెండు వాక్యాలు చాలు. పశ్చిమ బెంగాల్‌లో బోర్లకు మీటర్లు పెట్టారు; అదే మీకు గట్టి ఆధారం.

విశ్రాంత ఇంజినీరు: సిఫారసు ముందుండాలన్న మాట నిజమే. బెంగాల్ ఆధారాన్ని మాత్రం యథాతథంగా ఎత్తి రాయకండి. అక్కడి రైతులు మీటర్లకు ముందు కూడా స్థిర ఛార్జీ కట్టేవారు, మీటరు వచ్చాక వాడకాన్ని బట్టి కట్టారు. మన దగ్గర 2004 నుంచి చాలామందికి కరెంటు ఉచితం. రైతు యూనిట్‌కు చెల్లించేది సున్నా అయినంతకాలం మీటరు వాడకాన్ని కొలుస్తుందే తప్ప తగ్గించదు. "మీటరు పెడితే భూగర్భజలం మిగులుతుంది" అన్న వాక్యం మీ చిత్తుప్రతిలో ఉంటే కొట్టేయండి. ఎదుటివారు మొదట పట్టుకునేది దాన్నే. నిలబడే వాదన లెక్కలది. మీటరు లేనిచోట వ్యవసాయ వాడకం కేవలం అంచనా గనుక, లైన్లలో పోయిన కరెంటూ, దొంగతనంగా వాడిన కరెంటూ రైతు పద్దులో పడే వీలుంది.

నారాయణ: మీటరు కావాలా వద్దా అంటే నాకు వద్దు. 2020లో సబ్సిడీని రైతు ఖాతాలో వేసి, అక్కడి నుంచి కరెంటు పంపిణీ చేసే డిస్కంకు చెల్లిస్తామన్నారు. ఆ డబ్బు ఆలస్యమై, పంట మధ్యలో కనెక్షన్ తీసేస్తే నష్టం ఎవరిది? నేను కౌలుకు చేస్తున్నాను, కనెక్షన్ నా పేరున లేదు.

సుజాత: నేను అడిగింది రాత గురించే అయినా, నా పత్రంలో లేని అభ్యంతరం ఇది.

విశ్రాంత ఇంజినీరు: నారాయణ గారు చదివి "నేనన్నది ఇదే" అనేలా దాన్ని రాయండి, ఆ తర్వాత అది మీ సిఫారసులో ఏం మార్చిందో చూపండి. లెక్క తేలడమే లక్ష్యమైతే, మీటరును ఒక్కో పంపుకు కాక వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టి, సబ్సిడీని నేరుగా డిస్కంకు చెల్లించమనవచ్చు. అప్పుడు ఆయన భయాలు రెండూ పోతాయి. అయితే ఎవరెంత వాడారో తెలియదు. అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇళ్లుంటే లెక్క మళ్లీ కలిసిపోతుంది. ఈ లోటునూ అక్కడే ఒప్పుకోండి.

మధు: అప్పుడు అది వేరే పత్రమవుతుంది. పెద్ద రైతులకు పోతున్న సబ్సిడీ సంగతి వదిలేసినట్లే కదా!

సుజాత: వదలను. ట్రాన్స్‌ఫార్మర్ మీటర్లను ప్రధాన సిఫారసుగా పెట్టి, 10 హెచ్‌పీ, ఆపై పంపులకు విడి మీటర్లను రెండో ప్రతిపాదనగా చేరుస్తాను.

నారాయణ: మా వైపు నీళ్లు లోతున ఉన్నాయి, మూడెకరాలవాడికీ అంత మోటారు కావాలి. హెచ్‌పీని చూసి పెద్ద రైతు అనకండమ్మా.