చిత్తూరు బెల్లం మండీ: అన్నదమ్ముల పిల్లలం విడిపోతున్నాం, లెక్క ఎలా తేల్చుకోవాలి?

చిన్నోడు_చిత్తూరు:
అందరికీ నమస్కారం. మా నాయన, పెదనాయన కలిసి మొదలుపెట్టిన బెల్లం వ్యాపారం ఇప్పుడు నేను, పెదనాయన కొడుకు నడుపుతున్నాం. ఆయన్ని అన్నా అనే పిలుస్తా. ఇద్దరికీ పడక కాదు, ఇద్దరి దారులు వేరయ్యాయి. ఆయనకు కోల్డ్ స్టోరేజీ పెట్టాలని ఉంది, నాకు మండీలోనే ఉండాలని ఉంది. లాభం చెరిసగం అని డీడ్‌లో ఉంది.

మార్చి నెలాఖరు లెక్క ఇది. సరుకు 18 లక్షలు, రావాల్సిన బాకీలు 22 లక్షలు, బండి, కాటా, సామాను 6 లక్షలు, నగదు 4 లక్షలు. మొత్తం 50. ఇవ్వాల్సినవి: బ్యాంకు ఓడీ 12, రైతులకు 8, అన్న తన సొంత డబ్బు ఫర్మ్‌కి అప్పుగా ఇచ్చింది 5. మిగిలింది మా పెట్టుబడులు, అన్నది 15, నాది 10.

అన్న చెప్పేది ఏమంటే, సరుకు, బండి, నగదు ఆయన తీసుకుని బ్యాంకు అప్పు కడతాడు. నేను బాకీలు తీసుకుని రైతులకు కట్టాలి, పైన ఆయనకు 4 లక్షలు ఇవ్వాలి. కాగితం మీద సరిపోతుంది, నేను రెండుసార్లు వేసి చూశా. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. లాభం సగం కదా, అన్నీ సగం సగం పంచితే పోదా?

గ్రీమ్స్‌పేట_వాసి:
తాత ఆస్తి అంటే మనవళ్లకే కాదు, మనవరాళ్లకీ వాటా ఉంటుంది. 2005లో చట్టం మారింది. మీ అక్కచెల్లెళ్లను పిలవకుండా పంచుకుంటే రేపు కేసు వేస్తారు. మా ఇంట్లో అదే జరిగింది, ఎనిమిదేళ్లు కోర్టుకు తిరిగాం.

చిన్నోడు_చిత్తూరు:
గ్రీమ్స్‌పేట వాసి గారూ, అంగడి ఉన్న కట్టడం తాత పేరు మీదే ఉంది, దానికి ఫర్మ్ నెలనెలా బాడుగ కడుతుంది. దాని సంగతి ఇంట్లో వేరే మాట్లాడుకుంటాం. ఇప్పుడు అడిగేది వ్యాపారం లెక్క గురించి మాత్రమే.

పాతలెక్కలు_తిరుపతి:
అలా వేరు చేసి పెట్టుకోవడమే సరి. నేను ముప్పై ఏళ్లు మండీ లెక్కలు రాశాను, ఈ రెండూ కలిపి మాట్లాడిన చోట ఏదీ తెగలేదు.

ముందు మీ ప్రశ్న. లాభం సగం అంటే ఆస్తి సగం అని కాదు బాబూ. ఎవరి పెట్టుబడి వాళ్లది. సగం సగం పడేది లాభనష్టాలు మాత్రమే. 1966లో సుప్రీంకోర్టు అద్దంకి నారాయణప్ప కేసులో చెప్పిందీ ఇదే. ఫర్మ్‌లో ఉన్న ఏ ఒక్క వస్తువులోనూ భాగస్వామికి విడిగా వాటా ఉండదు, అప్పులన్నీ తీరాక మిగిలిన దానిలోనే ఆయన వాటా. అది కూడా మన ఆంధ్రాలో రెండు కుటుంబాలు కలిసి చేసిన వ్యాపారం మీద వచ్చిన కేసే.

ఇంకొక్కటి చెప్పండి. ఆ 22 లక్షల్లో నిజంగా చేతికొచ్చేది ఎంత? సరుకు ఈ రోజు అమ్మితే ఎంతొస్తుంది?

చిన్నోడు_చిత్తూరు:
బాకీల్లో 7 లక్షలు పాతవి. ఇద్దరు కొనుగోలుదారులు, ఒకరు అంగడి మూసేశారు. మూడేళ్లు దాటింది, చేతిలో సంతకం పెట్టిన కాగితం ఏదీ లేదు. మిగిలిన 15 వస్తాయి. సరుకు వానాకాలం నాటికి మెత్తబడి రంగు తిరిగేలా ఉంది, 16కి పోతే మేలు. బండి, సామాను 5 అనుకోండి.

పాతలెక్కలు_తిరుపతి:
అయితే మీ 50 లక్షలు నిజానికి 40 లక్షలు. 10 లక్షల నష్టం ఎక్కడో ఒకచోట పడాలి. డీడ్ ప్రకారం చెరి 5 లక్షలు.

40లో ముందు బయటివాళ్లకు ఇవ్వాలి, బ్యాంకు 12, రైతులు 8. మిగిలింది 20. అందులోంచి అన్న ఇచ్చిన అప్పు 5 లక్షలు తీర్చాలి, అది పెట్టుబడి కంటే ముందు. ఇక మిగిలిన 15 మీ ఇద్దరి పెట్టుబడికి. అన్న 15లో 5 పోతే 10, మీ 10లో 5 పోతే 5. సరిగ్గా 15. 1932 భాగస్వామ్య చట్టంలోని వరుస ఇదే, డీడ్‌లో వేరే రాసుకోకపోతే. మీరన్నట్టు ఆ 15ని సగం చేస్తే చెరి ఏడున్నర, అది అన్నకు అన్యాయం.

ఇప్పుడు అన్న చెప్పిన పంపకం చూడండి. మీ చేతికి 22 అని ఇచ్చారు, వచ్చేది 15. రైతులకు 8, అన్నకు 4 పోతే మీకు మిగిలేది 3 లక్షలు, రావాల్సింది 5. అన్నకు సరుకు, సామాను, నగదు కలిపి 25, బ్యాంకుకు 12 పోగా 13, మీరిచ్చే 4 కలిపి 17. ఆయనకు రావాల్సింది అప్పు, పెట్టుబడి కలిపి 15. ఆయన దురుద్దేశంతో చేశారని నేననను. పుస్తకం ధరకు పంచితే పాత బాకీలు తీసుకున్నవాడు ఎప్పుడూ ఇలాగే మునుగుతాడు.

లా_చదువుతున్నా:
మీ ఫర్మ్ రిజిస్టర్ అయిందా? కాకపోతే అన్న మీద కోర్టుకు వెళ్లే హక్కే మీకు లేదు. ఆయన చెప్పింది ఒప్పుకోవడం తప్ప దారి లేదు.

పాతలెక్కలు_తిరుపతి:
సగం నిజం. రిజిస్టర్ కాని ఫర్మ్ బయటివాళ్ల మీద బాకీ దావా వేయలేదు, భాగస్వాములు కూడా ఒకరి మీద ఒకరు డీడ్ ఆధారంగా మామూలు దావా వేయలేరు. కానీ ఫర్మ్‌ని రద్దు చేయమని, రద్దయిన ఫర్మ్ లెక్క చెప్పమని అడగడానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. లెక్కల దావాకు రద్దయిన రోజు నుంచి మూడేళ్లు గడువు, అది మాత్రం మర్చిపోవద్దు.

చిన్నోడు_చిత్తూరు:
ఫర్మ్ రిజిస్టర్ అయింది, నాయన వాళ్లే చేయించారు. కోర్టు మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. రాత్రి అన్నకు ఈ లెక్క చూపించా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత రెండు మాటలన్నాడు. ఒకటి, ఆయన ఇచ్చిన 5 లక్షలకు రూపాయిన్నర వడ్డీ కావాలట, మండీలో అదే నడుస్తుందంటాడు. రెండు, చెల్లెలి పెళ్లికి నేను ఫర్మ్ నుంచి తీసుకున్న 2 లక్షలు ఖర్చుల కింద రాశారు, అవి నా వాటాలో తగ్గించాలంటాడు. తీసుకున్నది నిజం. నేను కాదనను.

పాతలెక్కలు_తిరుపతి:
వడ్డీ సంగతి డీడ్‌లో కానీ, వేరే కాగితంలో కానీ రాసుకోకపోతే చట్టం ఇచ్చేది ఏడాదికి 6 శాతం. 5 లక్షలకు ఏడాదికి 30 వేలు. అది ఫర్మ్ ఖర్చు కాబట్టి సగం ఆయన మీదా పడుతుంది. రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతం, రాత లేకుండా దానికి మీరు ఒప్పుకోనక్కర్లేదు.

పెళ్లి డబ్బు విషయంలో అన్న చెప్పిందే న్యాయం. కానీ మీ వాటాలో నేరుగా 2 లక్షలు కోయడం తప్పు. ఖర్చుగా రాసినందుకు అప్పట్లో లాభం 2 లక్షలు తగ్గింది, ఆ తగ్గుదల మీ మీదా సగం పడింది. సరిచేస్తే ఇద్దరి పెట్టుబడికీ చెరో లక్ష కలుస్తుంది, మీ దాంట్లోంచి 2 లక్షలు పోతాయి. అంటే మీకు తగ్గేది ఒక లక్ష, అన్నకు పెరిగేది ఒక లక్ష. అన్నకు 11, మీకు 4.

అలాగే అన్న సొంతానికి వాడుకున్నవి ఉంటే అవీ రావాలి. ఇద్దరూ కూర్చుని గత మూడు నాలుగేళ్ల ఖర్చుల ఖాతా పేజీ పేజీ తిప్పండి.

పూజాసామాను_పద్మ:
నాది తిరుపతి. మా నాన్న, బాబాయి కొడుకు కలిసి ఇత్తడి సామాను అంగడి నడిపేవారు. విడిపోయేటప్పుడు బ్యాంకు అప్పు ఆయన కడతానని కాగితం రాశారు, నాన్న నమ్మారు. రెండేళ్లకు ఆయన కట్టలేకపోయారు, బ్యాంకు నోటీసు మా ఇంటికి వచ్చింది. కాగితం చూపిస్తే, అది మీ ఇద్దరి మధ్య ఒప్పందం, మేము సంతకం పెట్టలేదు కదా అన్నారు. నాన్నకు ఆ టెన్షన్‌లో నిద్ర ఉండేది కాదు. దయచేసి బ్యాంకు నుంచి మీ పేరు తీసేసినట్టు లెటర్ వచ్చాకే సంతకం పెట్టండి. వీలైతే విడిపోయేలోపే ఓడీ తీర్చేయండి, అన్నిటికంటే అది మేలు.

పాతలెక్కలు_తిరుపతి:
పద్మ గారు చెప్పింది రైతుల బాకీకి కూడా వర్తిస్తుంది. ఇంకోటి, రద్దయిందని బహిరంగ ప్రకటన ఇచ్చేదాకా అన్న ఫర్మ్ పేరు మీద ఎవరి దగ్గర సరుకు తెచ్చినా ఆ బాకీకి మీరూ బాధ్యులే. రిజిస్టర్ అయిన ఫర్మ్ కాబట్టి రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలపాలి, గెజిట్‌లో వేయాలి, జిల్లాలో నడిచే ఒక తెలుగు పేపర్లో వేయాలి. మండీలో నోటిమాటగా అందరికీ తెలుసులే అని ఆగిపోకండి.

వచ్చే 15 లక్షల బాకీల వాళ్ల దగ్గర ఇప్పుడే, మూడేళ్ల దావా గడువు దాటకముందే, ఇంత బాకీ ఉన్నామని సంతకం తీసుకోండి. ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. గడువు దాటాక తీసుకునే సంతకానికి ఆ బలం ఉండదు.

గ్రీమ్స్‌పేట_వాసి:
నేను ముందు ప్రశ్న సరిగ్గా చదవలేదు, క్షమించండి. ఒకటి అడుగుతా. అంగడి పేరు ఎవరికి? చిత్తూరు మండీలో పాత పేరు చూసే సరుకు పంపే రైతులున్నారు. దానికి విలువ కట్టరా?

పాతలెక్కలు_తిరుపతి:
కట్టాలి. పేరూ ఫర్మ్ ఆస్తే, విడిగా అమ్ముకోవచ్చు కూడా. లెక్కలన్నీ తేలేలోపు ఒకరు ఆ పేరు వాడకుండా రెండోవారు ఆపవచ్చు. ఎంత కట్టాలన్నది మాత్రం నేను చెప్పలేను. గత మూడేళ్ల సగటు లాభం మీద లెక్కేసేవాళ్లున్నారు, ఇద్దరూ చీటీ మీద ధర రాసి ఎక్కువ రాసినవాడు తీసుకునే పద్ధతీ చూశాను.

చిన్నోడు_చిత్తూరు:
పది రోజుల తర్వాత రాస్తున్నా. సరుకు మొత్తం అమ్మేశాం, 16 లక్షల 20 వేలు వచ్చింది. ఆ డబ్బుతో ముందు ఓడీ తీర్చాం, బ్యాంకు నుంచి లెటర్ తీసుకున్నాం. రైతులకు సగం ఇచ్చాం, మిగతా సగం బాకీలు వసూలు కాగానే. ఆ 7 లక్షల పాత బాకీలు ఎవరి ఖాతాలోనూ వేయలేదు. ఎప్పుడు ఎంత వచ్చినా చెరిసగం అని రాసుకున్నాం. పెళ్లి డబ్బు మీరు చెప్పినట్టే సరిచేశాం. అన్న బండి డీజిల్ మీద ఇంకా మాట తెగలేదు, పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి, ఆదివారం మళ్లీ కూర్చుంటాం. వడ్డీ 6 శాతానికి ఒప్పుకున్నాడు.

పేరు మాత్రం తేలలేదు. అది తాత పేరు. చీటీ మీద ధర రాద్దామంటే ఇద్దరికీ చెయ్యి రాలేదు. ప్రస్తుతానికి బోర్డు దించి గోడౌన్‌లో పెట్టాం.