నఠభైరవిలో ఒత్తు ‘ఠ’ ఎందుకు?

సుభద్ర: మా అమ్మాయి సంగీతం నోట్‌బుక్‌లో 20వ మేళకర్త పేరు ‘నటభైరవి’ అని రాసుకుంది. నా దగ్గరున్న పాత పుస్తకంలో ‘నఠభైరవి’ అని ఉంది. నటన, నటుడు, నటరాజు అన్నిటిలోనూ ఉన్నది టకారమే కదా. ‘నఠ’ అనే మాట కోసం నిఘంటువు తిరగేస్తే ఇక్కడికి పనికొచ్చే అర్థమేదీ దొరకలేదు. ఇది అచ్చుతప్పా? అచ్చుతప్పయితే రెండు మూడు పుస్తకాల్లో ఒకేలా ఎందుకు ఉంటుంది?

వెంకట్రావు: అచ్చుతప్పేనమ్మా. ఒకరు తప్పు వేస్తే చూసి ఇంకొకరు వేస్తారు. సంస్కృతంలో నట ధాతువు ఉంది, దానికి ఒత్తు లేదు. ఈ 72 మేళకర్త రాగాల పేర్లూ 17వ శతాబ్దంలో తంజావూరు నాయకరాజుల దగ్గర వేంకటమఖి తన చతుర్దండి ప్రకాశికలో పెట్టినవి. అంత పండితుడు ‘నఠ’ అని రాయడు. మీ అమ్మాయి రాసిందే ఒప్పు.

రాఘవ: వెంకట్రావుగారూ, 72 అనే లెక్క వేంకటమఖిదే. కానీ కనకాంగి, రత్నాంగి అంటూ మనం నేర్చుకునే పేర్లు ఆయనవి కావు. అవి గోవిందాచార్యుల సంగ్రహ చూడామణి దారిలో వచ్చినవి. ముత్తుస్వామి దీక్షితుల సంప్రదాయంలో మేళాలకు వేరే పేర్లున్నాయి. 1904లో ఎట్టయపురం నుంచి తెలుగులోనే అచ్చయిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెరిస్తే 20వ మేళం పేరు ‘నారీరీతిగౌళ’. భైరవి అన్న మాటే అక్కడ లేదు.

సుభద్రగారూ, మీ పుస్తకం ఒప్పు, ‘ఠ’ ఉండి తీరాలి. అది అర్థం కోసం పెట్టింది కాదు, అంకె కోసం పెట్టింది. అక్షరాలకు అంకెలు ఇచ్చే కటపయాది పద్ధతిలో కకారం నుంచి తొమ్మిది అక్షరాలు, టకారం నుంచి తొమ్మిది, పకారం నుంచి అయిదు, యకారం నుంచి ఎనిమిది వరసగా ఒకటి రెండు మూడు అని లెక్కపెడతాం. ఞ, న రెండూ సున్నాలు. అక్షరానికి ఉన్న గుణింతంతో పని లేదు. పేరులో మొదటి రెండు అక్షరాల అంకెలు తీసుకుని తిరగేస్తే మేళం నంబరు వస్తుంది. న అంటే 0, ఠ అంటే 2. తిరగేస్తే 20. అదే ‘నట’ అని రాస్తే ట అంటే 1 కాబట్టి 10 అవుతుంది. పదో మేళం నాటకప్రియ, అది వేరే రాగం.

నారీరీతిగౌళలో కూడా నా 0, రీ 2. పేరు మారినా అంకె మారలేదు చూడండి. శంకరాభరణానికి ‘ధీర’, కల్యాణికి ‘మేచ’, తోడికి ‘హనుమ’ తగిలించడం కూడా ఇందుకే. ధీర 29, మేచ 65, హను 8.

అనిత: నాకు ఎప్పటినుంచో ఉన్న సందేహం ఇది. మా మాస్టారు భైరవి వర్ణం చెప్పినప్పుడు ఆరోహణలో ఒక ధైవతం, అవరోహణలో ఇంకో ధైవతం పాడించారు. మేళకర్తలో ఏ స్వరమైనా ఒకటే రకం ఉండాలంటారు కదా? అలాంటప్పుడు భైరవి 20వ మేళకర్త ఎలా అయింది?

రాఘవ: అనితగారూ, మీరు నేర్చుకున్నది భైరవి రాగం. సుభద్రగారు అడుగుతున్నది నఠభైరవి మేళం. భైరవి ఈ మేళంలోంచి పుట్టిన జన్యరాగం, ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతాన్ని బయటి నుంచి తెచ్చుకుంటుంది. మీ మాస్టారు పాడించింది సరైనదే. మేళకర్తకు మాత్రం మీరన్న నియమం ఉంది. ఏడు స్వరాలూ వరసగా ఉండాలి, ఎక్కినా దిగినా ఒకటే రకం ఉండాలి.

కిశోర్: నాకు గాత్రం రాదు, కీబోర్డు వాయిస్తాను. ‘ఒక ఒత్తు పోతే వేరే రాగం’ అన్న మాట చదివి వాయించి చూశాను. ముందు 72 ఎలా వచ్చిందో నాకు అర్థమైన తీరు చెబుతాను, తప్పుంటే సరిచేయండి.

సా పట్టుకుంటే శుద్ధ మధ్యమానికి ముందు నాలుగు మెట్లు ఉంటాయి. వాటిలో రెండు ఎంచుకోవాలి, కింది మెట్టు రి, పై మెట్టు గ. మెట్లకు 1, 2, 3, 4 అని పేరు పెడితే కుదిరే జతలు ఆరే: 1-2, 1-3, 1-4, 2-3, 2-4, 3-4. పంచమానికీ పై సాకీ మధ్య మళ్ళీ నాలుగు మెట్లు, అక్కడ ద, నిలకు అవే ఆరు జతలు. ఆరు ఆర్లు ముప్పై ఆరు. మధ్యమం శుద్ధమో ప్రతిమధ్యమమో కాబట్టి ఇంకో ముప్పై ఆరు. స, ప కదలవు.

రాఘవ: బాగా చెప్పారు, నేనైతే స్వరాల పేర్లతో మొదలుపెట్టి అందరినీ కంగారు పెట్టేవాణ్ణి. ఒక్క మాట కలుపుతాను. మీ రెండో మెట్టు రి అయితే దాని పేరు చతుశ్రుతి రిషభం, గ అయితే శుద్ధ గాంధారం. మూడోది రి అయితే షట్‌శ్రుతి రిషభం, గ అయితే సాధారణ గాంధారం. మెట్టు ఒకటే, పేర్లు రెండు. కనకాంగిలో 1-2 జత, అంటే రి, గ పక్కపక్కనే ఉంటాయి. పాడటానికి అదే కష్టం. తన కాలానికి వాడుకలో ఉన్నవిగా వేంకటమఖి వివరించినవి 19 మేళాలే. మిగతావి మీరు చేసిన ఎంపిక లాంటిదాన్ని చివరిదాకా లాగితే వచ్చినవి.

కిశోర్: ఇక 20, 10 సంగతి. నంబరులోంచి ఒకటి తీసేసి ఆరుతో భాగించాను. 20లోంచి ఒకటి పోతే 19, భాగఫలం 3, మిగిలింది 1. అంటే ఆరేసి మేళాలుండే చక్రాలు మూడు పూర్తయి నాలుగో చక్రంలో రెండోది. చక్రం రి-గ జతను చెబుతుంది, చక్రంలో స్థానం ద-ని జతను చెబుతుంది. నాలుగో జత 2-3, రెండో జత 1-3. కాబట్టి నఠభైరవిలో కింద రెండో మూడో మెట్లు, పైన ఒకటో మూడో మెట్లు.

ఇప్పుడు 10. ఒకటి తీసేస్తే 9, భాగఫలం 1, మిగిలింది 3. రెండో చక్రంలో నాలుగోది. కింద 1-3, పైన 2-3. అంటే నఠభైరవిలో పైభాగాన ఉన్న జత నాటకప్రియలో కిందికి వచ్చింది, కింది జత పైకి పోయింది! రెండూ వెంటవెంటనే వాయిస్తే సాధారణ గాంధారం, కైశికి నిషాదం రెండింటిలోనూ అలాగే ఉన్నాయి. మారినవి రి, ద మాత్రమే. ఒక ఒత్తు తీసేస్తే రాగం పైభాగం, కిందిభాగం తారుమారు కావడం నాకు భలే అనిపించింది.

రాఘవ: ఇది నేనెప్పుడూ గమనించలేదు కిశోర్ గారూ. ప్రతి ఒత్తుకూ ఇలా జరగదు, 20, 10 అలా పడ్డాయి. ఖరహరప్రియను ‘కరహరప్రియ’ అని రాస్తే 22 కాస్తా 21 అయి కీరవాణి మీద పడుతుంది. అక్కడ చక్రం మారదు, మారేది నిషాదం, ధైవతాలే. ఝాలవరాళి ‘జాలవరాళి’ అయితే 39 పోయి 38, అది జలార్ణవం.

సుభద్ర: అంటే మన వాళ్ళు ఒత్తులు పలకడం మానేస్తే మేళాలు పక్కింటికి వెళ్తాయన్నమాట! ఋషభప్రియ అని కూడా ఒక పుస్తకంలో చూశాను. అక్కడ మొదటి అక్షరం అచ్చు కదా, దానికి అంకె ఏమిటి?

రాఘవ: విడిగా ఉన్న అచ్చుకు సున్నా. ‘ఋష’ అని లెక్కిస్తే 0, 6 తిరగేసి 60, అది నీతిమతి. కావలసింది 62. కాబట్టి ఈ పేరు మటుకు రకారంతో ‘రిషభప్రియ’ అనే రాయాలి. రి 2, ష 6. విడిగా స్వరం పేరు రాసేటప్పుడు ‘ఋషభం’ అన్నా ఎవరూ తప్పుపట్టరు, మేళం పేరులో మాత్రం కుదరదు.

మాధవి: వీణ నేర్పుతాను, పిల్లలకు ఈ లెక్క చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ ఒకచోట టెన్షన్. సంయుక్తాక్షరం వస్తే ఏది లెక్కించాలి? సూర్యకాంతం 17. సూ 7, తరువాత ‘ర్య’లో కింద ఉన్న యకారం తీసుకుంటేనే 1 వస్తుంది. రత్నాంగిలో కింది న, ధర్మవతిలో కింది మ. ఇంతవరకు బాగుంది. చక్రవాకం 16 దగ్గరికి వచ్చేసరికి ‘క్ర’లో పైనున్న క తీసుకోవాలి, రకారం తీసుకుంటే 26, అది చారుకేశి. దివ్యమణికి పైనున్న వ తీసుకుంటేనే 48. షడ్విధమార్గిణికి మళ్ళీ కింది వకారం. షణ్ముఖప్రియలో ణ, మ రెండూ 5 కాబట్టి గొడవ లేదు. పిల్లలు ‘ఎప్పుడు పైది, ఎప్పుడు కిందిది మేడమ్’ అంటే ఏం చెప్పను?

వెంకట్రావు: యవత్తు, రవత్తు, వవత్తు వస్తే పైది, లేకపోతే కిందిది. చక్ర, దివ్య, విశ్వ, చిత్ర, శ్యామ, జ్యోతి అన్నిటికీ సరిపోతుంది.

మాధవి: సూర్యలో ఉన్నది యవత్తే కదండీ. షడ్విధలో వవత్తు.

వెంకట్రావు: అవును, ఆ రెండూ లొంగడం లేదు.

రాఘవ: కటపయాదిని వాడిన శాస్త్రగ్రంథాల్లో సంయుక్తాక్షరంలో చివరి హల్లునే తీసుకోవడం రివాజు. దీక్షితుల పట్టికలో 22వ మేళం శ్రీరాగం, అది ఆ రివాజుకు సరిపోతుంది. శ్రీలో చివరి హల్లు ర, తరువాత రా, రెండూ 2 కాబట్టి 22. కనకాంగి పట్టికలో మాత్రం రెండు పద్ధతులూ కలిసిపోయాయి. నా ఉద్దేశంలో రాగం పేరు ముందే ప్రచారంలో ఉండి, ఏ హల్లుతో అంకె కుదిరితే దానితో సరిపెట్టుకున్నారు.

మాధవి: ఆ మాట చక్రవాకానికి ఒప్పుకుంటాను. కానీ దివ్యమణి, చిత్రాంబరి లాంటివి అంకె కోసమే పుట్టించిన పేర్లలా ఉన్నాయి. పేరు కొత్తగా పెట్టుకునేవాడికి నిక్కచ్చిగా కుదిరే మాట దొరకదా?

కిశోర్: సింహేంద్రమధ్యమం ఇంకా చిక్కుగా ఉంది. స 7, హ 8, తిరగేస్తే 87. మేళాలే 72.

రాఘవ: అక్కడ ‘సిం’లోని సున్నను మకారంగా పలికి, ‘మ్హ’లో పైనున్న మకారాన్ని లెక్కపెడతారు. 7, 5 తిరగేస్తే 57. ఝంకారధ్వని, కాంతామణి, గాంగేయభూషణిలలో మాత్రం సున్నను వదిలేస్తారు.

మాధవి: అయితే ఈ పేరును తెలుగులో ‘సిమ్హేంద్ర’ అని రాయించాలా? పిల్లలకు లెక్క కుదురుతుంది కానీ నాకు చెయ్యి రావడం లేదు. ఇక్కడ ఛందస్సు, కటపయాది బాగా తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, వచ్చే వారం 57 చెప్పాలి.