ఫొటో చూసి చెప్పేదీ, బొమ్మ గీసేదీ ఒకటేనా?

శ్రీకాకుళం కుర్రాడు: మా తాతయ్య పాత ఫొటో మూల చిరిగింది. ఒక ఏఐ చాట్ యాప్‌లో పెడితే "తెల్ల పంచె, భుజాన కండువా, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ" అని పొల్లుపోకుండా చెప్పింది. బాగుచేసి ఇమ్మంటే ఎవరో ముసలాయన్ని ఇచ్చింది. అంత బాగా చూసింది కదా, గీయలేదా?

స్టూడియో మావయ్య: వచ్చిన బొమ్మలో కండువా, పుట్టుమచ్చ ఉన్నాయా?

శ్రీకాకుళం కుర్రాడు: ఉన్నాయండీ. మొహమే ఆయనది కాదు.

స్టూడియో మావయ్య: అయితే దాదాపు ఖాయం. చూసిన మోడల్ ఫొటోను మాటల్లో రాసి, గీసే ఇంకో మోడల్‌కి పంపి ఉంటుంది. రెండోది మీ ఫొటో చూడనే లేదు. కండువా ఉందని మాటల్లో చెప్పొచ్చు, మొహం పోలికలు చెప్పలేం.

కోడ్ రాజా: అది పాత సంగతి అన్నా. ఇప్పుడు రెండు పనులూ ఒకే మోడల్ చేస్తోంది.

స్టూడియో మావయ్య: అలాంటివి వచ్చాయి తమ్ముడూ, పోలిక కూడా బాగా తెస్తున్నాయి. కానీ అవీ చాలావరకు చిరిగినచోట అతుకు వేయవు, బొమ్మంతా మళ్లీ గీస్తాయి. కన్ను ఒక వెంట్రుకవాసి జరిగినా ఇంట్లోవాళ్లు పట్టేస్తారు.

నేను 2022లో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మలు గీసే మోడల్ వాడతాను. చిరిగినచోట మాత్రమే మాస్క్ పూసి, అంతవరకే గీయిస్తాను. ఇందులోనూ ఒక చిక్కుంది. 512×512 ఫొటోను అది లోపల 64×64 గళ్లకు కుదిస్తుంది. అంటే 8 పిక్సెళ్లకు ఒక గడి. గ్రూప్ ఫొటోలో 40 పిక్సెళ్ల వెడల్పున్న మొహానికి అడ్డంగా దక్కేది 5 గళ్లే. మాస్క్ తగలకపోయినా ఆ మొహం కొంచెం చెదురుతుంది. అందుకే చివర్లో అసలు ఫొటోను పై లేయర్‌లో పెట్టి, కొత్త మూలను మాత్రమే కనపడనిస్తాను.

బెజవాడ ఫ్లెక్స్: నా గోలా ఇదే గురూ. పెళ్లికార్డు ఫొటో పెడితే "శుభలేఖ" అని టక్కున చదివింది. అదే డిజైన్ చేయమంటే గుణింతాలన్నీ ముద్ద. ఏ భాషలో అడగాలి?

స్టూడియో మావయ్య: భాషతో పని లేదు. సగం అక్షరం మాసిపోయినా చదివేది పదాన్ని ఊహించగలదు. గీసేదానికి ప్రతి గీతా సరిగ్గా పడాలి. పూలూ తోరణాలూ దానితో గీయించి, అక్షరాలు మీరే టైప్ చేసుకోండి.

శ్రీకాకుళం కుర్రాడు: మాస్క్ పద్ధతి చేసి చూస్తానండీ. కానీ ఆ మూలలో నాయనమ్మ చెయ్యి ఉండేదట, గాజులతో. అక్కడ ఎవరి చెయ్యి వస్తుంది?

స్టూడియో మావయ్య: ఎవరిదో ఒకరిది. నేనైతే ఆ మూల క్రాప్ చేసేస్తాను.

కోడ్ రాజా: నేనైతే నింపించేస్తా. చెయ్యి చూసి ఎవరు గుర్తుపడతారు?

శ్రీకాకుళం కుర్రాడు: మా నాన్న పడతాడు.